నాన్నగారి కాలేయ మార్పిడికి దాత ఎవరు కావాలి: కొవ్వు పేరుకున్న కాలేయంతో నేనా, 48 ఏళ్ల మా అమ్మా?

గుంటూరు_శ్రీను

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 56 ఏళ్లు. చాలా కాలంగా మధుమేహం ఉంది, మద్యం ఎన్నడూ ముట్టలేదు. కాలేయంలో కొవ్వు పేరుకుని, అది క్రమంగా గట్టిపడి సిర్రోసిస్‌గా మారిందని నిరుడు తేలింది. ఒకసారి రక్తపు వాంతి అయితే ఎండోస్కోపీలో బ్యాండింగ్ చేశారు. ఇప్పుడు మందులు వాడుతున్నా పొట్టలో నీరు ఆగడం లేదు, రెండు మూడు వారాలకొకసారి సూదితో తీయించుకోవలసి వస్తోంది. విజయవాడలో చూస్తున్న డాక్టరు గారు ఇక మార్పిడి కోసం పరీక్షలు మొదలుపెట్టాలని చెప్పారు.

తాజా రిపోర్టులో బిలిరుబిన్ 3.2, ఐఎన్ఆర్ 1.8, క్రియాటినిన్ 1.3, సోడియం 130 ఉన్నాయి. ఆయనది బి పాజిటివ్. నాది ఓ పాజిటివ్, వయసు 27, బరువు 84 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. నా స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. అమ్మది బి పాజిటివ్, బరువు 52 కిలోలు. చెల్లెలు పాలిచ్చే తల్లి కనుక ఆమెను అడగదలచుకోలేదు. అమ్మ తానే ఇస్తానంటోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే రోజు ఆపరేషన్ థియేటరులో ఉంటారన్న ఊహే నాకు భరించరానిదిగా ఉంది. నాన్నగారికి నిజంగా ఇప్పుడే మార్పిడి అవసరమా, నా కాలేయంలో కొవ్వు తగ్గించుకుని నేను ఇవ్వగలనా అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

బ్రాడీపేట_మాస్టారు

బాబూ శ్రీనూ, మా తోడల్లుడి విషయంలో ఈ తతంగమంతా దగ్గరుండి చూశాను. కాలేయం ఎంతగా చెడిందో చెప్పే మెల్డ్ స్కోరు అని ఒకటి లెక్కగడతారు. అది 15 దాటితే మార్పిడి వల్ల మేలు ఎక్కువ, దాటకపోతే ఆపరేషన్ ప్రమాదమే ఎక్కువ అని మాకు చెప్పారు. మీ నాన్నగారిది తప్పక దాటి ఉంటుంది. అయితే దాత రక్తం గ్రూపు అచ్చంగా అదే అయి ఉండాలి, పాజిటివ్ నెగటివ్ కూడా కలవాలి. కనుక ఓ గ్రూపు వాడివైన నీవు ఇవ్వడానికి వీలులేదు. అమ్మగారిని ఆ కష్టానికి గురిచేయడం నాకు సమ్మతం కాదు. మేనమామలు ఎవరైనా ఉంటే వారిని అడగడం మంచిది, దగ్గరి బంధువులే కనుక అనుమతికి ఇబ్బంది ఉండదు.

పటమట_పద్మ

శ్రీను గారూ, నేను డాక్టరును కాను. కాలేయ మార్పిడి విభాగంలో కోఆర్డినేటరుగా చాలా ఏళ్లు పనిచేసి విరమించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, తుది మాట మీ డాక్టర్లదే.

మాస్టారు గారు 15 గురించి చెప్పినది సరైనదే. రక్తం గ్రూపు విషయంలో మాత్రం అలా కాదు. ఓ గ్రూపు వారు ఎవరికైనా కాలేయం ఇవ్వవచ్చు. బి గ్రూపు రోగికి ఓ గానీ బి గానీ సరిపోతుంది, పాజిటివ్ నెగటివ్ తేడాను కాలేయం విషయంలో లెక్కలోకి తీసుకోరు. కాబట్టి గ్రూపు వరకు మీరూ అమ్మగారూ ఇద్దరూ అర్హులే. మేనమామ సంగతి కూడా అంత సులువు కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించినప్పుడు దగ్గరి బంధువుల జాబితాను పెంచి తాతలను, అమ్మమ్మ నాయనమ్మలను, మనవలను చేర్చారు గానీ మేనమామ అందులో లేరు. జాబితాలో ఉన్నవారు భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఈ తాతలూ మనవలూ మాత్రమే. మేనమామ ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకు వెళ్లి, డబ్బు ప్రమేయం లేదనీ అభిమానంతోనే ఇస్తున్నాననీ నిరూపించుకోవాలి. అది అసాధ్యం కాదు, కానీ కాలం పడుతుంది.

ఇక మీ నాన్నగారి లెక్క. బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ మూడింటితో వేసే పాత లెక్కలో ఆయన స్కోరు 20 వస్తుంది. సోడియం 130కి పడిపోయింది కనుక దాన్ని కూడా కలిపితే 25కు చేరుతుంది. సోడియానికి అంత విలువ ఎందుకంటే, పొట్టలో నీరు మందులకు లొంగనంతగా కాలేయం చెడినప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది, దాంతో రక్తంలో సోడియం పలచబడుతుంది. కళ్లు పెద్దగా పచ్చబడకపోయినా ప్రమాదం లోపల పెరుగుతోందని చెప్పే సంకేతం అది. ఆపైన రక్తపు వాంతి, సూదితో నీరు తీయవలసి రావడం ఉండనే ఉన్నాయి. ఆయనకు మార్పిడి అవసరమా అన్న ప్రశ్న దాదాపు తేలిపోయినట్టే. తేలవలసినది ఆయన శరీరం అంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకుంటుందా అన్నది. ఇన్నేళ్ల మధుమేహం ఉన్నవారికి గుండె రక్తనాళాలను ప్రత్యేకంగా చూస్తారు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి చూస్తారు, పాత క్షయ ఆనవాళ్లు వెతుకుతారు, కాలేయంలో గడ్డలు లేవని సీటీలో నిర్ధారించుకుంటారు. పళ్ల డాక్టరు దగ్గరికి పంపితే ఆశ్చర్యపోకండి. చిగుళ్లలో దాగిన చీము, రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలయ్యాక రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది.

చిలకలూరిపేట_రమణ

నాకు కూడా గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని స్కానింగులో రాశారు. ఇదంతా చదివాక భయం వేస్తోంది. నేనూ మార్పిడికి పేరు నమోదు చేయించుకోవాలా?

పటమట_పద్మ

అక్కర్లేదు రమణ గారూ. ఈ శీర్షికలో మాట్లాడుకుంటున్నది కాలేయం పూర్తిగా గట్టిపడి నీరు పట్టినవారి గురించి. మీరు చక్కెర, బరువు చూపించుకుని, ఫైబ్రోస్కాన్ అవసరమా అని మీ డాక్టరును అడగండి, సరిపోతుంది.

గుంటూరు_శ్రీను

పద్మ గారూ, కృతజ్ఞతలు. మాస్టారూ, మీ ఆదరానికి కూడా. అమ్మకు సీటీ ఇప్పటికే అయింది. మొత్తం కాలేయం 1050 మిల్లీలీటర్లు, అందులో కుడి భాగం 680 అని రాశారు. కొవ్వు లేదన్నారు. నాకు ఇంకా సీటీ చేయలేదు, ముందు బరువు తగ్గి రమ్మన్నారు. నాన్నగారి బరువు 78 కిలోలు ఉంది. ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

పటమట_పద్మ

ముందుగా ఆ 78ని నమ్మకండి. అందులో నీటి బరువు ఉంది. నీరు తీయించిన మర్నాడు ఉదయం చూసిన బరువు ఎంత? దాదాపు 70 అనుకుందాం. దాత నుంచి తీసే ముక్క రోగి అసలు బరువులో కనీసం 0.8 శాతం ఉండాలన్నది సాధారణంగా పాటించే కొలత. 70 కిలోలకు అది 560 గ్రాములు. అంతకన్నా బాగా చిన్న ముక్క పెడితే పేగుల నుంచి వచ్చే రక్తపు ఒరవడిని అది తట్టుకోలేదు. పచ్చకామెర్లు తగ్గవు, పొట్టలో నీరు ఊరుతూనే ఉంటుంది. అమ్మగారి కుడి భాగం 680 మిల్లీలీటర్లను దాదాపు 680 గ్రాములుగా తీసుకుంటే 0.97 శాతం, నాన్నగారి వైపు నుంచి చూస్తే చాలినంత ఉంది.

అసలు జాగ్రత్త పడవలసినది అమ్మగారి వైపు. 680 తీస్తే ఆమెకు మిగిలేది 370, అంటే 35 శాతం. దాతకు కనీసం 30 శాతమైనా మిగలాలంటారు. చాలా చోట్ల 35 శాతం ఉంటే తప్ప ముందుకు వెళ్లరు. అంటే ఆమె సరిగ్గా గీత మీద ఉన్నారు. వయసు 48, కొవ్వు లేదు కనుక వెంటనే కాదనరు, కానీ కాలేయం మధ్యలోని పెద్ద రక్తనాళాన్ని ఏ వైపు ఉంచాలి, పిత్తనాళాలు ఎన్ని ఉన్నాయి అన్నదాన్ని బట్టి సర్జన్ నిర్ణయం మారవచ్చు. ఎమ్మార్‌లో పిత్తనాళాల బొమ్మ చూశాక గానీ అది తెలియదు.

మీ విషయం దీనికి తలకిందులు. మీది పెద్ద శరీరం, కాలేయమూ పెద్దదే ఉంటుంది, పరిమాణానికి కొదవ ఉండదు. కానీ అందులో కొవ్వు ఎంత ఉంటే పనిచేసే కాలేయం అంత తక్కువ. కొవ్వు పట్టిన ముక్క నాన్నగారి ఒంట్లో నెమ్మదిగా మేల్కొంటుంది, మీకు మిగిలిన ముక్క కూడా నెమ్మదిగా పెరుగుతుంది. స్కానింగులో రాసే గ్రేడులు దీనికి చాలవు. మందు ఎక్కించకముందు తీసిన సీటీలో కాలేయం, ప్లీహం ఎంత తెల్లగా కనిపిస్తున్నాయో పోల్చి చూస్తారు. కాలేయం ప్లీహం కన్నా కనీసం 5 అంకెలు ఎక్కువ ఉంటే కొవ్వు లేనట్టే. తక్కువగా ఉంటే కొవ్వు ఉన్నట్టు, సందేహం మిగిలితే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

దాత కాలేయంలో కొవ్వు తగ్గడం నేను ఎన్నోసార్లు చూశాను. రోజూ వేగంగా నడిచి, అన్నం సగానికి తగ్గించి, పప్పూ కూరా పెంచి, తీపి పానీయాలు పూర్తిగా మాని, రెండు నెలల్లో అయిదారు కిలోలు తగ్గినవారి కాలేయం పోల్చుకోలేనంతగా మారుతుంది. అయితే ఉపవాసాలతో పది రోజుల్లో బరువు దించుకోవాలని చూడకండి, దానివల్ల కొవ్వు ఇంకా పెరగవచ్చు.

మిగిలిన ప్రశ్న నాన్నగారికి ఆ రెండు నెలల వ్యవధి ఉందా అన్నది. 25 స్కోరుతో వేచి ఉండటం ప్రమాదం లేని పని కాదు. అందుకే మీరు బరువు తగ్గుతుండగానే అమ్మగారి పరీక్షలు పూర్తిచేసి ఉంచడం, మరణించిన దాతల అవయవాలను కేటాయించే జీవన్‌దాన్‌లో నాన్నగారి పేరు నమోదు చేయించడం మూడూ ఒకేసారి నడవాలి. ఆయన పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడుతున్నా, మూత్రం తగ్గినా, జ్వరంతో పొట్ట నొప్పి వచ్చినా రెండు నెలల మాట మరిచిపోయి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ వస్తే మూత్రపిండాలు వారంలోపే దెబ్బతినవచ్చు.

బ్రాడీపేట_మాస్టారు

గ్రూపు విషయంలో నేను విన్నది వేరు, పద్మ గారు చెప్పినదాన్ని అంగీకరిస్తున్నాను. కానీ అమ్మగారి విషయంలో నా అభిప్రాయం మారలేదు. మన ఇళ్లలో భార్యను ఇస్తావా అని అడిగితే ఆమె కాదనగలదా? అవుననే జవాబు తప్ప మరొకటి చెప్పే వీలు ఆమెకు ఉందా?

మంగళగిరి_నేతమ్మ

మాస్టారు గారూ, నేను మా ఆయనకు కాలేయం ఇచ్చినదాన్ని కనుక ఈ మాటకు జవాబు చెప్పాలనిపించింది. మీరన్న ఒత్తిడి నిజమే. మా అత్తగారి వైపు వాళ్లు నోరు తెరిచి అడగలేదు గానీ అందరి చూపులూ నా మీదే ఉండేవి. అయితే ఆసుపత్రిలో నన్ను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, మా ఆయన గానీ మామగారు గానీ లేకుండా చాలాసేపు మాట్లాడారు. ఇష్టం లేకపోతే చెప్పండి, మీ కాలేయం సరిపోలేదని మాత్రమే బయట చెబుతాం, అసలు కారణం ఎవరికీ తెలియదు అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు ఆలోచించుకుని, నా అంతట నేనే సరేనన్నాను. ఆడమనిషి దాత అయితే ఆమె సమ్మతిని రోగి కాక మరొకరి ద్వారా నిర్ధారించుకుని మరింత జాగ్రత్త తీసుకోవాలని 2014 నిబంధనల్లోనే ఉందని నాకు అప్పుడే చెప్పారు.

శ్రీను బాబూ, దాతకు ఏమవుతుందో కూడా తెలుసుకుని ఉండు. నన్ను వారం దాటాక ఇంటికి పంపవలసింది. కోసిన అంచు నుంచి పిత్తరసం కారుతుండటంతో పొట్టలో పెట్టిన గొట్టాన్ని ఇంకా కొన్ని వారాలు ఉంచారు. సంచిలో చేరే నీళ్లు పసుపు ముద్దలాంటి రంగులో ఉండేవి, అవి పలచబడి తేటపడ్డాకే తీశారు. మరో ఆపరేషన్ అవసరం రాలేదు. కాలేయం చాలావరకు రెండు మూడు నెలల్లోనే పెరిగిందని స్కానింగులో చూపించారు గానీ పొట్ట కండరాలకు బలం రావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది. మాది గుంటమగ్గం. కాలితో పావడి తొక్కుతూ ముందుకు వంగినప్పుడల్లా కోత దగ్గర లాగేది. నిండు బిందె ఎత్తవద్దని మూడు నెలలు చెప్పారు, నేను ఇంకా ఎక్కువ కాలమే ఎత్తలేదు. దాత చనిపోయే ప్రమాదం ఎంత అని అడిగాను. కుడి భాగం ఇచ్చేవారిలో వెయ్యి మందికి రెండు నుంచి అయిదుగురి వరకు అని దాచకుండా చెప్పారు. ఆ అంకె అమ్మగారికీ చెప్పండి, నీవూ విను. విన్న తర్వాత కూడా ఆమె ఇస్తానంటే అది ఆమె నిర్ణయం. ఆమె తరఫున నీవు గానీ మాస్టారు గారు గానీ కాదనడం కూడా న్యాయం కాదు.

గుంటూరు_శ్రీను

అమ్మా, మీరు రాసినది అమ్మకు చదివి వినిపించాను. మాట్లాడకుండా విని, గొట్టం ఎన్నాళ్లు ఉంచారని మాత్రం మళ్లీ అడిగింది. మార్పిడి అయ్యాక నాన్నగారి జీవితం ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పగలరా? జీవితాంతం మందులు వాడాలన్నారు, అంతకు మించి వివరంగా తెలియదు.

తెనాలి_రైతు

తమ్ముడూ, నేను మార్పిడి చేయించుకుని చాలా ఏళ్లయింది, వ్యవసాయం చూసుకుంటున్నాను. నా జీవితం, ఒళ్లు కొత్త కాలేయాన్ని తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ అనే మాత్ర చుట్టూ తిరుగుతుంది. ఉదయం 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి, మధ్యలో పన్నెండు గంటల ఎడం తప్పకూడదు. మొదట్లో దానితోపాటు మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. స్టెరాయిడ్‌ను కొన్ని నెలల్లో తగ్గించి మానిపించారు. మీ నాన్నగారికి మధుమేహం ఉంది కనుక ఆ నెలల్లో చక్కెర బాగా పెరుగుతుంది, ఇన్సులిన్ ఎక్కువ కావచ్చు. టాక్రోలిమస్ కూడా చక్కెరను పెంచేదే.

ఈ మందు రక్తంలో ఎంత ఉందో తరచు చూస్తారు. పరీక్ష రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. వేసుకుని వెళితే అంకె అబద్ధం చెబుతుంది, దాన్ని చూసి మందు తగ్గిస్తే ఒళ్లు కొత్త కాలేయాన్ని తిప్పికొడుతుంది. నాకు మొదటి నెలల్లో 8 నుంచి 10 మధ్య ఉంచారు, ఇప్పుడు 5, 6 దగ్గర ఉంచుతున్నారు.

నాకు జరిగినది ఒకటి చెబుతాను. ఒక చలికాలంలో దగ్గు వస్తే దగ్గరలోని క్లినిక్‌లో చూపించుకున్నాను. నా మందుల చీటీ చూపించినా చదవకుండా క్లారిత్రోమైసిన్ రాసిచ్చారు. నాలుగో రోజుకు చేతులు వణికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను, తలనొప్పి, నిద్ర లేదు. పరీక్ష చేస్తే టాక్రోలిమస్ 22కు ఎక్కింది, క్రియాటినిన్ కూడా పెరిగింది. ఆ యాంటీబయాటిక్ కాలేయంలో ఈ మందును విరిచే మార్గాన్ని మూసేస్తుందట. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకనజోల్ కూడా అంతే. పంపర పనస తినవద్దన్నదీ అందుకే. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి వ్యతిరేకం, టాక్రోలిమస్‌ను అడుగంటేలా చేస్తుంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకోకూడదు, ఈ మందు వల్లనే మూత్రపిండాల మీద భారం పడుతుంటే అవి ఇంకా దెబ్బ తీస్తాయి. విరేచనాలు పట్టుకుంటే మందు రక్తంలో పెరుగుతుంది కనుక మన ఎండాకాలంలో బయటి చెరకు రసం, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు నేను ముట్టను.

తిప్పికొట్టడం మొదలైనప్పుడు చాలాసార్లు ఏ బాధా ఉండదు, రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగితేనే తెలుస్తుంది. బాగున్నాను కదా అని పరీక్ష మానకూడదన్నది అందుకే. పిత్తనాళం అతుకు దగ్గర సన్నబడితే మాత్రం ముందుగా రాత్రిపూట దురద వస్తుంది, మూత్రం ముదురు రంగుకు మారుతుంది. నాకు అలా అయితే ఎండోస్కోపీ ద్వారా స్టెంట్ వేసి, విడతలు విడతలుగా మార్చి సరిచేశారు. బతికున్న దాత నుంచి తీసుకున్నవారిలో ఇది ఎక్కువగా వస్తుందని చెప్పారు.

కృష్ణలంక_ఫార్మసీ

తెనాలి అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. టాక్రోలిమస్ ఒక కంపెనీది దొరకకపోతే మరొకటి ఇమ్మని మా దుకాణానికి వచ్చేవారు అడుగుతుంటారు. పేరు ఒకటే, మిల్లీగ్రాములు ఒకటే అయినా రక్తంలో చేరే పరిమాణంలో కొద్ది తేడా రావచ్చు. కనుక డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకండి, మార్చవలసి వస్తే వారం పది రోజుల్లో పరీక్ష చేయించండి. రోజుకు రెండుసార్ల మాత్రకు బదులు రోజుకొకసారి వేసుకునేది పొరపాటున ఇవ్వడం ఇంకా ప్రమాదం. పెట్టె మీద పేరు చదవకుండా దుకాణం మెట్లు దిగవద్దు.

పటమట_పద్మ

టీకాల గురించి ఎవరూ అడగలేదు. హెపటైటిస్ బి, న్యుమోనియా టీకాలు మార్పిడికి ముందే మొదలుపెట్టించండి, తర్వాత వేస్తే శరీరం సరిగా స్పందించదు. జీవించి ఉన్న క్రిములతో చేసే టీకాలు మార్పిడి అయ్యాక నాన్నగారికి వేయకూడదు.

గుంటూరు_శ్రీను

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. నీరు తీయించాక నాన్నగారి బరువు 71 వచ్చింది. నా బరువు ఇప్పుడు 78. సీటీ అయింది. మొత్తం 1500, కుడి భాగం 930, మిగిలేది 38 శాతం. ప్లీహంతో పోల్చిన అంకె 3 వచ్చింది, 5 రావాలి కనుక ఇంకో మూడు వారాలు చూసి మళ్లీ తీద్దామన్నారు, అవసరమైతే ముక్క పరీక్ష చేస్తామన్నారు. అమ్మకు పిత్తనాళాలు రెండు వేర్వేరుగా తెరుచుకుంటున్నాయని ఎమ్మార్‌లో తేలింది. చేయలేనిది కాదు గానీ తెనాలి అన్నగారు చెప్పిన ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ అన్నారు. నాన్నగారి గుండె పరీక్ష బాగుంది. జీవన్‌దాన్‌లో నమోదు పూర్తయింది.

అమ్మను ఒంటరిగా పిలిచి మాట్లాడారు. బయటికి వచ్చాక ఏమన్నారని నేను అడగలేదు. మూడు వారాల్లో నా అంకె సరిపోతే నేను, సరిపోకపోయినా నాన్నగారి సోడియం 125కు పడినా అమ్మ, అని ప్రస్తుతానికి అనుకున్నాం. మాస్టారూ, మీకు ఇది నచ్చదని తెలుసు.

బ్రాడీపేట_మాస్టారు

నచ్చకపోయినా అర్థమైంది బాబూ. మూడు వారాలు నడక మానకు. నాన్నగారి మాటతీరు రోజూ గమనిస్తున్నావా? రాత్రి నిద్ర ఎలా ఉంది?

గుంటూరు_శ్రీను

గమనిస్తున్నాను మాస్టారూ. నిన్న సంతకం చేయమంటే అక్షరాలు కొంచెం వంకర పోయాయి. ఈ రోజు మధ్యాహ్నం విజయవాడ తీసుకెళ్తున్నాం.

పటమట_పద్మ

మధ్యాహ్నం దాకా ఆగకండి, ఇప్పుడే బయలుదేరండి. ఈ రోజు విరేచనం అయిందో లేదో, నిన్నటి నుంచి మూత్రం ఎంత వచ్చిందో రాసుకుని వెళ్లండి. విరేచనం సాఫీగా అయ్యేందుకు లాక్టులోస్ మందు ఎంత ఇస్తున్నారో కూడా డాక్టరుకు చెప్పండి. చేరగానే ఇక్కడ ఒక మాట రాయండి.